బస్తా నేల మీద ఉన్నన్ని రోజులు నడుము నొప్పి పోదు

వడ్ల కొనుగోళ్లు మొదలయ్యాయంటే మన బుగ్గారం మండలంలో ఏ కేంద్రానికి పోయినా మూడు ప్రశ్నలు వినపడతాయి. తేమ ఎంత వచ్చింది, తరుగు ఎంత తీస్తున్నారు, లారీ ఎప్పుడొస్తుంది. ఈ మూడింటి మీద సంఘం కొట్లాడుతూనే ఉంది, మన పత్రికలోనూ రాసుకుంటూనే ఉన్నాం. నాలుగో మాట ఒకటి ఉంది. అది హమాలీలు తమలో తాము అనుకునే మాట. "ఇయ్యాల నడుము పట్టేసిందన్నా." ఈ మాట ఏ వినతిపత్రంలోకీ ఎక్కలేదు. ఈ నెల దాని గురించే రాస్తున్నాను.

హమాలీ అంటే ఎవరో బయటి మనిషి కాదు. బీహార్ నుంచి వచ్చిన ముఠాలు కొన్ని ఉన్నా, ఊరి కేంద్రంలో బస్తా మోసేవాళ్లలో ఎకరమో రెండెకరాలో ఉన్న మన చిన్న రైతులే ఎక్కువగా కనిపిస్తారు. తన వడ్లు తూకం వేయించుకున్న తెల్లారి పక్క రైతు బస్తాలు మోస్తాడు. కేంద్రాలు మూతపడ్డాక అదే మనిషి సిమెంటు బస్తా మోస్తాడు, ఇటుకలు అందిస్తాడు, యూరియా దించుతాడు. ఆయన నడుము పోతే ఒక కూలీ తగ్గడమే కాదు, ఒక వ్యవసాయ కుటుంబం కూలబడుతుంది.

అలాంటి మనిషి నొప్పి అని డాక్టర్ దగ్గరికి పోతే ఒకటే మాట చెబుతారు. "బరువులు ఎత్తకు, వంగకు, రెణ్ణెల్లు పని మానెయ్." ఆ మాట విని బయటికొచ్చి, తెల్లారి మళ్లీ కేంద్రానికే వస్తాడు. ఇంకెక్కడికి పోతాడు? పని మానకుండా నడుము కాపాడుకునే దారి ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఉంది. కానీ ఆ దారిలో సగం హమాలీ చేతిలో ఉంటే, మిగతా సగం రైతుల చేతిలో, కేంద్రం నడిపేవాళ్ల చేతిలో ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

నడుము మీద పడే అసలు బరువు

బస్తా బరువు కాంటా మీద 40 కిలోలే చూపిస్తుంది. నడుము మీద పడే బరువు మాత్రం అది కాదు. గడ్డపారతో బండను లేపడం మనకందరికీ తెలుసు. పార కింద చిన్న రాయి పెట్టి, బండ దిక్కు జానెడు, మన దిక్కు మూడడుగులు ఉంచుతాం. పొడుగు మన వైపు ఉంది కాబట్టి తక్కువ బలంతో పెద్ద బండ లేస్తుంది. మన నడుములోనూ అలాంటి గడ్డపారే ఉంది, కాకపోతే తిరగేసి ఉంది. పొడుగు బరువు వైపుకు ఉంది, పొట్టి మన కండరం వైపుకు ఉంది.

వీపు కింది భాగంలో వెన్నుపూస కీలుకూ, దాన్ని లాగి పట్టే కండరానికీ మధ్య దూరం దగ్గరదగ్గర 5 సెంటీమీటర్లే. వంగి, చేతులు చాపి, 50 సెంటీమీటర్ల ముందున్న 40 కిలోల బస్తాను లేపితే, బరువు దూరం కండరం దూరానికి పది రెట్లు. అంటే ఆ బస్తా కోసమే కండరం సుమారు 400 కిలోల బలంతో లాగాలి. వంగిన మన ఒంటి బరువు దీనికి అదనం. ఈ లాగుడంతా వెన్నుపూసల మధ్య ఉన్న మెత్తటి డిస్క్ మీద నొక్కుడుగా పడుతుంది. అదే బస్తాను పొట్టకు ఆనించుకుంటే దూరం 25 సెంటీమీటర్లకు తగ్గుతుంది, కండరం మీది బలం 200 కిలోలకు తగ్గుతుంది. బస్తా అదే, మనిషి అదే, భారం సగమైంది. ఆడవాళ్లు నిండు బిందెను చంకన పెట్టుకుంటారు గానీ చెయ్యి చాపి పట్టుకుని నడవరు. అందులో ఉన్న తెలివి ఇదే.

నేల మీద పడుకోబెట్టిన బస్తా దగ్గర ఈ తెలివి పనిచేయదు. దాన్ని అందుకోవాలంటే నడుము పూర్తిగా వంచాలి, చేతులు చాపాలి. అది వెడల్పుగా ఉంటుంది కాబట్టి రెండు మోకాళ్ల మధ్యకు రాదు. "మోకాళ్లు వంచి ఎత్తు, నడుము వంచకు" అని గోడల మీద రాసే సలహా చిన్న పెట్టెకు పనికొస్తుంది, వడ్ల బస్తాకు సరిగ్గా అతకదు. బస్తా మోకాలి ఎత్తు నుంచి రొమ్ము ఎత్తు లోపల ఉంటే మనిషి దాన్ని ఒంటికి దగ్గరగా తీసుకోగలడు. మోకాలి కింద ఉంటే తీసుకోలేడు. అందుకే నడుముకు దెబ్బ ఎక్కువగా తగిలేది నేల నుంచి మోకాలి దాకా ఉన్న ఆ అడుగున్నర లోపలే.

ఇంకో సంగతి కూడా ఉంది. బరువులు ఎత్తే పద్ధతి నేర్పితే కార్మికులకు నడుము నొప్పి తగ్గుతుందా అని అనేక దేశాల్లో పరీక్షలు జరిగాయి. వాటన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2011లో వచ్చింది. ఒట్టి శిక్షణ, సలహాలతో నొప్పి రాకుండా ఆపగలిగినట్టు రుజువు దొరకలేదని అది తేల్చింది. అంటే హమాలీని నిలబెట్టి పాఠం చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. బస్తా ఉన్న చోటు మారాలి, పని పంచుకునే తీరు మారాలి. ఆ తర్వాతే ఎత్తే పద్ధతికి విలువ.

ఒక లారీ లెక్క

లెక్క వేసి చూద్దాం. ఒక లారీకి 600 బస్తాలు అనుకుందాం. 40 కిలోల చొప్పున 24 టన్నులు. ఆరుగురి ముఠా. ఇద్దరు బస్తాల దగ్గర నిలబడి, చెరో కొస పట్టుకుని మోసేవాడి భుజం మీదికి ఎత్తుతారు. మిగతా నలుగురు మోసుకుపోయి చెక్క ఎక్కి లారీలో వేస్తారు. మోసేవాళ్లది కష్టమని అందరికీ కనిపిస్తుంది. కానీ నడుము లెక్కలో ఎక్కువ దెబ్బ తినేది ఎత్తే ఇద్దరే. మోసేవాడు బస్తాను నిలువుగా ఉన్న వెన్ను మీద మోస్తాడు. ఎత్తేవాడు ప్రతి బస్తాకూ వంగి లేస్తాడు, లేస్తూనే పక్కకు తిరుగుతాడు. లారీ నిండే వరకు ఆ ఇద్దరే ఎత్తితే ఒక్కొక్కరు 600 సార్లు వంగినట్టు.

ఇప్పుడు ఖర్చు లేకుండా రెండు మార్పులు చేద్దాం. మొదటిది వంతులు. ఆరుగురిని మూడు జతలు చేసి, ప్రతి 100 బస్తాలకు ఎత్తే జతను మార్చాలి. ఆరు వందల్లో ఒక్కో జతకు రెండు వందలు వస్తాయి. 600 సార్లు వంగడం 200కు దిగింది. లారీ ఆలస్యం కాదు, కూలి తగ్గదు. నడుము గట్టి మనిషి అని ఒకరినే ఎత్తే దగ్గర నిలబెట్టే అలవాటు చాలా ముఠాల్లో ఉంది. ఆ గట్టి మనిషే అందరికంటే ముందు మంచం ఎక్కుతాడు.

రెండోది బస్తాలు పేర్చే తీరు. పడుకోబెట్టిన వడ్ల బస్తా మందం ముప్పావు అడుగు దాకా ఉంటుంది. జాగా ఉంది కదా అని రెండు వరసల ఎత్తే పేర్చి పొడుగునా వదిలేస్తే, ప్రతి బస్తా మోకాలి కిందనే ఉంటుంది. అవే బస్తాలను ఐదు వరసల ఎత్తు పేర్చితే పైన మూడు వరసలు మోకాలికీ రొమ్ముకూ మధ్యకు వస్తాయి. అంటే ఐదింట మూడు బస్తాలు నడుము పూర్తిగా వంచకుండానే అందుతాయి. 200 సార్లు వంగాల్సిన మనిషి అడుగు రెండు వరసల కోసం 80 సార్లు వంగితే సరిపోతుంది. 600 నుంచి 80. అంతకంటే ఎత్తు మాత్రం పేర్చవద్దు. రొమ్ము దాటి పైకి ఎత్తితే నడుము వెనక్కి విరుస్తారు, భుజాలు పోతాయి, బస్తాలు జారి మీద పడతాయి.

ఆ మిగిలిన 80 కూడా తగ్గాలంటే అడుగు వరస కింద అడుగున్నర ఎత్తు గట్టు కావాలి. ఒక సీజన్ కోసం గట్టి చెక్కలు, సిమెంటు దిమ్మెలతో వేసుకోవచ్చు. శాశ్వతంగా అయితే సిమెంటు గట్టు కట్టాలి, అది పంచాయతీ, సహకార సంఘం, మార్కెట్ కమిటీ కలిసి చేయాల్సిన పని. గట్టు వేస్తే వరస ఒకటో రెండో తగ్గించుకోవాలి, లేదంటే పై బస్తా తల మీదికి పోతుంది. గట్టు లారీ బాడీ ఎత్తుకు కడితే చెక్క ఎక్కే పనే తప్పుతుంది.

తూకం దగ్గర కూడా ఒక లేపుడు తప్పించవచ్చు. కొన్నిచోట్ల సంచిని కింద నింపి, ఇద్దరు లేపి కాంటా మీద పెడతారు, ఎక్కువైతే దించి తీస్తారు, తక్కువైతే దించి పోస్తారు. ఖాళీ సంచిని కాంటా మీదే నిలబెట్టి, ఇద్దరు మూతి పట్టుకుని అక్కడే నింపితే ఆ లేపుడు ఉండదు. కాంటా నుంచి వరస దాకా బస్తాను మోయకుండా రెండు చక్రాల తోపుడు బండి మీద తీసుకుపోవచ్చు. కిరాణా గోదాముల్లో వాడే బండే. కొన్ని వేల రూపాయల్లో వస్తుంది, చాలా సీజన్లు పనిచేస్తుంది. అయితే అది సిమెంటు కల్లం మీదే నడుస్తుంది. మట్టిలో, వడ్ల పొట్టులో చక్రం కూరుకుపోతే తోసేవాడి నడుముకు ఇంకో నొప్పి తోడవుతుంది. కల్లం మట్టిదైతే బండి కొనే ముందు దారి గట్టిచేయాలి.

తరుగు హమాలీ నడుము మీద కూడా పడుతుంది

బస్తా బరువు గురించి ఒక మాట. సంచితో కలిపి 40 కిలోల 600 గ్రాములు తూగాల్సిన చోట 42 దాకా తూస్తున్నారని రైతులుగా మనం అడుగుతున్నాం. అది మన వడ్ల నష్టంగానే చూస్తున్నాం. హమాలీ వైపు నుంచి కూడా చూడండి. బస్తాకు కిలోన్నర ఎక్కువైతే 600 బస్తాలకు 900 కిలోలు. ఆ తొమ్మిది క్వింటాళ్లను ముఠా కాంటా దగ్గర ఒకసారి, లారీ దగ్గర ఒకసారి లేపాలి. కూలి బస్తా లెక్కన కాబట్టి ఆ బరువుకు ఒక్క పైసా రాదు. తరుగు మీద కొట్లాటలో రైతు, హమాలీ ఒకే పక్కన నిలబడాల్సిన కారణం ఇక్కడుంది.

"40 కిలోలు ఏం బరువు, మా కాలంలో క్వింటాల్ బస్తా మోసినం" అనే పెద్దమనుషులు ఉన్నారు. మోసిన మాట నిజమే. వాళ్లలో ఎంతమంది ఇప్పుడు నిటారుగా నడుస్తున్నారో ఊళ్లో చూస్తే తెలుస్తుంది. మనిషి మోసే బరువుకు హద్దు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒప్పందం చేసింది. దాంతోపాటు చేసిన సిఫారసులో మగ కార్మికుడికి 55 కిలోలు దాటితే తగ్గించే చర్యలు తీసుకోవాలని, ఆడవాళ్లకు అంతకంటే బాగా తక్కువ ఉండాలని చెప్పింది. ఆ ఒప్పందాన్ని మన దేశం 2010లో ఆమోదించింది. కానీ అది ఒక్క బస్తాకు పెట్టిన హద్దు. రోజుకు ఎన్ని బస్తాలు, ఏ ఎత్తు నుంచి అన్నది అందులో లేదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ 1991లో వేసిన లెక్కలో అవి కూడా ఉన్నాయి. బరువు నడుము ఎత్తుకు దగ్గరలో ఉండి, ఒంటికి ఆనుకుని ఉండి, తిరగాల్సిన పని లేకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే 23 కిలోలు అని అది మొదలుపెడుతుంది. నేల నుంచి ఎత్తితే, దూరంగా ఉంటే, మాటిమాటికీ ఎత్తితే అక్కడినుంచి తగ్గించుకుంటూ పోతుంది. ఆ లెక్కన మన బస్తా ఒక మనిషి నేల మీద నుంచి ఒంటరిగా లేపాల్సింది కాదు. ఇద్దరు లేపడం బలహీనత కాదు, అదే సరైన పద్ధతి.

బస్తా బరువు దేవుడు రాసింది కూడా కాదు. యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలకు 2018లో మారింది. యూరియా వాడకం తగ్గించాలని మార్చారే తప్ప హమాలీ నడుము చూసి కాదు. అయినా ఒక ఉత్తరువుతో దేశమంతా సంచి సైజు మారింది. తలచుకుంటే అవుతుందని తెలిసిపోయింది.

హమాలీ చేతిలో ఉన్నవి

ఇక మనిషి తనంతట తాను మార్చుకోగల అలవాట్లు. ఎక్కువ లేవు, నాలుగే. కానీ ప్రతి బస్తాకూ పాటించాలి.

మొదటిది, నడుము తిప్పకుండా పాదాలు తిప్పడం. వంగి ఉన్నప్పుడే పక్కకు తిరగడం డిస్క్‌కు అన్నిటికంటే చెడ్డది. తడి బట్టను పిండినట్టు అవుతుంది. బస్తా లేపాక, నిలబడ్డాక, పాదాలు కదిపి ఒళ్లంతా తిరగాలి. అడుగు పడే జాగా లేకపోతే మనిషి నడుమునే తిప్పుతాడు. కాబట్టి వరసకూ మోసేవాడికీ మధ్య మూడడుగుల ఖాళీ వదలాలి.

రెండోది, ఇద్దరూ ఒకేసారి లేపడం. ఒకరు ముందు, ఒకరు వెనక లేపితే ముందు లేపినవాడి మీద బరువంతా ఒక్క క్షణం పడుతుంది. చాలామందికి నడుము పట్టేసేది ఆ క్షణంలోనే. ఇద్దరి ఎత్తు దగ్గరగా ఉండేలా జత కుదుర్చుకుని, "హుప్" అని ఒకరు అంటే ఇద్దరూ లేపాలి.

మూడోది, తప్పనిసరై ఒంటరిగా లేపాల్సి వస్తే ఎలా అన్నది. పడుకున్న బస్తాను మొదట కొస పట్టి నిలబెట్టాలి. దాని పక్కనే ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో పాదం నేల మీద ఉంచాలి. బస్తాను ఒంటికి లాక్కుని లేచి ఉన్న తొడ మీదికి దొర్లించాలి. అక్కడ ఒక ఊపిరి తీసుకుని, రెండు చేతులతో పొట్టకు హత్తుకుని, తొడల బలంతో లేవాలి. దీనికి నాలుగు క్షణాలు ఎక్కువ పడుతుంది. మోకాళ్లు అరిగినవాళ్లు ఇది చేయవద్దు, రెండో మనిషిని పిలవాలి.

నాలుగోది ఎవరూ పట్టించుకోనిది. రాత్రి పడుకున్నప్పుడు డిస్క్‌లు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేచిన మొదటి గంటలో నడుము బిగుసుకుని ఉండేది అందుకే. ఆ గంటలో వంగి బరువెత్తితే డిస్క్ మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. పొద్దున కేంద్రానికి రాగానే లోడింగ్ మొదలుపెట్టకుండా ముందు నింపుడు, తూకం, కుట్టుడు పనులు చేసుకుని తర్వాత బస్తాలకు పోవాలి. లారీ కోసం గంటల తరబడి గొంతుకూర్చుని ఎదురుచూసినా ఇదే కష్టం వస్తుంది. నడుము ముందుకు వంగే ఉండి, వెన్నును పట్టి ఉంచే నరాల్లాంటి బంధాలు సాగిపోతాయి. రాత్రి పది గంటలకు లారీ వస్తుంది, డ్రైవర్ తొందర పెడతాడు, మబ్బు పట్టిందని రైతు తొందర పెడతాడు, కూర్చున్న మనిషి ఒక్క ఉదుటున లేచి బస్తా పడతాడు. ఐదు నిమిషాలు లేచి తిరిగి, చేతులు నడుము మీద పెట్టి నాలుగైదు సార్లు వెనక్కి విరుచుకుని మొదలుపెట్టాలి. ఆ ఐదు నిమిషాలు ఇవ్వాల్సింది రైతు.

సూది, బెల్టు, మంచం

నొప్పి వచ్చాక మనవాళ్లు చేసేవి మూడు. ఊళ్లో సూది వేయించుకుంటారు, బెల్టు కొంటారు, లేదా మంచం ఎక్కుతారు.

సూది నొప్పిని కప్పుతుంది, దెబ్బను మాన్పదు. నొప్పి తెలియక ఆ సాయంత్రమే మళ్లీ బస్తాలు ఎత్తి దెబ్బ పెంచుకుంటారు. ఇంకో ప్రమాదం మన ప్రాంతానికి మరీ ముఖ్యం. యాసంగి కొనుగోళ్లు ఏప్రిల్, మే నెలల్లో. జగిత్యాల ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి పోయే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. సీజన్ అంతా రోజూ నొప్పి గోళీ మింగి ఎండలో బస్తాలు మోస్తే నడుము కోసం కిడ్నీ పోగొట్టుకున్నట్టే. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం. ఏ మందు ఎక్కిస్తున్నారో చెప్పని సూది వేయించుకోవద్దు. నొప్పి గోళీ డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలి.

నడుము బెల్టు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాల నడుము నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మామూలు చికిత్సగా బెల్టులు వాడవద్దని చెప్పింది. వ్యాయామం, నొప్పిని అర్థం చేసుకుని కదులుతూ ఉండడం మేలని చెప్పింది. బెల్టు కట్టుకుంటే ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతో ఇంకో బస్తా ఎక్కువ ఎత్తుతారు.

మంచం కూడా మందు కాదు. మామూలు పట్టేసిన నడుముకు ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే కండరం చిక్కి, తిరిగి పనిలోకి రావడం ఆలస్యమవుతుంది. చాలావరకు ఇలాంటి నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆ వారాల్లో నడవాలి, ఇంటి పనులు చేసుకోవాలి, బరువు మాత్రం ఎత్తకూడదు. ఇక్కడే ముఠా చేయాల్సిన పని ఉంది. బస్తా మూతులు కుట్టడం, కాంటా చూడడం, లెక్క రాయడం కూడా ముఠా పనే. నొప్పి ఉన్న మనిషిని ఆ పనిలో పెట్టి, నిలబెట్టిన బస్తాను నిటారుగా నిల్చునో ఎత్తు పీట మీద కూర్చునో కుట్టమనాలి. కూలిలో వాటా మామూలుగానే ఇవ్వాలి. ఇవాళ ఒకరికి, రేపు ఇంకొకరికి. వాటా పోతుందన్న భయమే మనిషితో నొప్పి దాపించి బస్తా ఎత్తిస్తుంది. ఆ భయం తీసేస్తే సగం వైద్యం అయినట్టే.

ఏది మామూలు నొప్పి, ఏది కాదు అన్నది మాత్రం అందరికీ తెలిసి ఉండాలి. నడుములోనే ఉండి, కదిలితే ఎక్కువై, పడుకుంటే తగ్గే నొప్పి మామూలుది. పిరుదు నుంచి మోకాలు దాటి పాదం దాకా కరెంటు కొట్టినట్టు గుంజితే నరం నొక్కుకుపోతున్నట్టు. అప్పుడు బరువులు పూర్తిగా ఆపి డాక్టర్‌కు చూపించాలి. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, దొడ్డికి పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా ఒక్క రోజు కూడా ఆగవద్దు. రాత్రయినా సరే 108కు ఫోన్ చేసి జగిత్యాల ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి, అక్కడి నుంచి పంపిన చోటికి పోవాలి. ఆలస్యమైతే కాళ్లు, మూత్రం జీవితాంతం స్వాధీనంలో ఉండకపోవచ్చు. జ్వరంతో కలిసి నడుము నొప్పి ఉన్నా, పడుకున్నా తగ్గక రాత్రుళ్లు లేపుతున్నా అది బస్తా నొప్పి కాకపోవచ్చు. దానికీ పరీక్షలు అవసరం.

సంఘం చేయాల్సింది

పంట కోతకు హార్వెస్టర్ వచ్చాక కొడవలి పట్టి వంగే బాధ తప్పింది, మంచిదే. కానీ ఇదివరకు నెలన్నర పాటు మెల్లగా సాగిన కోతలు ఇప్పుడు పదిహేను రోజుల్లో ముగిసి వడ్లన్నీ ఒకేసారి కేంద్రానికి చేరుతున్నాయి. యంత్రం కోతకే వచ్చింది, బస్తాకు రాలేదు. శ్రీరాంసాగర్ నీళ్లతో పెరిగిన పంట అంతా చివరికి కొద్దిమంది నడుముల మీదుగానే లారీ ఎక్కుతోంది.

అందుకని వచ్చే కొనుగోళ్లకు ముందే గ్రామ కమిటీలు మూడు పనులు పెట్టుకోవాలని నా ప్రతిపాదన. కేంద్రం తెరిచే రోజు రైతులు, హమాలీలు కలిసి కూర్చుని ఎత్తే జతల వంతులు, ఐదు వరసల పేర్పు, నొప్పి ఉన్న మనిషికి కుట్టుడు పని అని రాసుకోవాలి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. రెండోది, మండలంలో ఒక్క కేంద్రంలోనైనా అడుగున్నర గట్టు, తోపుడు బండి పెట్టించి, ఒక సీజన్ నడిపి చూడాలి. ఎన్ని బస్తాలు పోయాయి, ఎందరికి నడుము పట్టింది అని నోటు పుస్తకంలో రాసి పెట్టాలి. ఆ పుస్తకం చేతిలో ఉంటే జిల్లా అధికారులతో మాట్లాడే తీరే మారుతుంది. మూడోది, తరుగు మీద ఇచ్చే ప్రతి వినతిపత్రంలో హమాలీల సంతకాలు కూడా ఉండాలి, గట్టు డిమాండ్ కూడా ఉండాలి.

హమాలీ కూలి రైతే కడుతున్నాడు కదా, ఇదంతా కూడా రైతు నెత్తినేనా అని కొందరు అడగొచ్చు. వంతులకు, పేర్పుకు ఖర్చు లేదు. గట్టు, బండి కేంద్రానికి ఉండాల్సిన సౌకర్యాలు. కాంటా, తేమ మిషన్, టార్పాలిన్లు ఎలా ఇస్తారో ఇవీ అలాగే ఇవ్వాలి. వడ్లు కొనే ప్రభుత్వాన్ని అడగాల్సిన బాధ్యత మనది. లారీ వచ్చిన రాత్రి ఐదు నిమిషాలు ఆగడం మాత్రం ఎవరినీ అడగాల్సిన పని కాదు. అది మనమే ఇవ్వాలి.